గ్యాప్‌తో వచ్చిన బ్రేకౌట్: ఓబీవీ పైకి, ఏడీ లైన్ కిందికి

ప్రశ్న: నమస్కారం అండీ. నేను డైలీ చార్టులు చూసి రెండు మూడు వారాల కోసం షేర్లు కొంటుంటాను. నేను గమనిస్తున్న ఒక షేరు నాలుగు నెలలుగా 500 దగ్గర మూడుసార్లు ఆగిపోయింది. మొన్న 496 దగ్గర ముగిసి, నిన్న ఏకంగా 514 దగ్గర ఓపెన్ అయింది. 522 దాకా వెళ్లి, 504 దాకా దిగి, చివరికి 507 దగ్గర క్లోజ్ అయింది. రోజూ సగటున 10 లక్షల షేర్లు చేతులు మారేవి, నిన్న 40 లక్షలు. ఓబీవీ, అంటే ఆన్ బ్యాలెన్స్ వాల్యూమ్, కొత్త గరిష్ఠానికి వెళ్లింది. అక్యుములేషన్ డిస్ట్రిబ్యూషన్ లైన్ మాత్రం బాగా కిందికి పడింది. పైగా డెలివరీ 30 శాతమే, మామూలు రోజుల్లో 50 ఉంటుంది. నిజంగా కొనేవాళ్లు వచ్చారా, లేక ఇది ఉత్తుత్తి బ్రేకౌటా? రెండింట్లో ఏది నమ్మాలి?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

సమాధానం: నమస్కారమండీ. అంకెలన్నీ రాసి పంపారు కాబట్టి గాల్లో మాట్లాడకుండా లెక్క వేసి చూద్దాం. ముందు తేల్చి చెప్పేది ఇది: నిన్న ఒక్కరోజు వరకు మీ షేరు విషయంలో ఈ రెండింట్లో దేన్నీ నమ్మకండి. రెండూ తప్పుగా లెక్క కట్టలేదు. కాకపోతే గ్యాప్ అప్ వచ్చిన రోజున ఒకటి ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెబుతుంది, రెండోది ఉన్నదానికంటే తక్కువ చేసి చెబుతుంది. మీ చార్టులో జరిగింది అదే.

ఓబీవీని ప్రచారంలోకి తెచ్చింది జోసెఫ్ గ్రాన్‌విల్, 1963లో. దాని లెక్క ఒకే ఒక్క పోలికతో అయిపోతుంది. ఈరోజు క్లోజ్ నిన్నటి క్లోజ్ కంటే ఎక్కువైతే ఆ రోజు వాల్యూమ్ మొత్తం కలుపుతుంది, తక్కువైతే మొత్తం తీసేస్తుంది, సమానమైతే ఊరుకుంటుంది. మీ షేరు 496 నుంచి 507కి వచ్చింది, కాబట్టి 40 లక్షలూ కలిపింది. అదే 522 నుంచి జారి జారి 496.05 దగ్గర ముగిసినా ఓబీవీ ఆ 40 లక్షలే కలిపేది. 522 దగ్గరే ముగిసినా అంతే కలిపేది. రోజంతా ఎవరు కొన్నారు, ఎవరు అమ్మారు, ధర ఎక్కడిదాకా పోయి ఎక్కడికి వచ్చింది అన్నది దానికి కనబడదు. అందుకే మీ చార్టులోని ఆ కొత్త గరిష్ఠాన్ని చూసి సంతోషపడటానికి ఏమీ లేదు. సగటుకు నాలుగు రెట్ల వాల్యూమ్‌తో ఒక్క రూపాయి పైన ముగిసినా ఓబీవీ అంత ఎత్తుకే లేచి ఉండేది.

మార్క్ చైకిన్ పేరు మీద చెప్పుకునే అక్యుములేషన్ డిస్ట్రిబ్యూషన్ లైన్, అంటే ఏడీ లైన్, సరిగ్గా దీనికి ఎదురు దారిలో వెళ్తుంది. అది నిన్నటి క్లోజ్‌ను అసలు చూడదు. ఈరోజు హై, లో మధ్య క్లోజ్ ఎక్కడ కూర్చుంది అన్నదే దానికి కావాలి. C క్లోజ్, H హై, L లో, V వాల్యూమ్, MFM మనీ ఫ్లో మల్టిప్లయర్, AD_prev నిన్నటి ఏడీ విలువ అనుకుంటే:

```
MFM = ((C - L) - (H - C)) / (H - L)
AD  = AD_prev + MFM * V
```

క్లోజ్ సరిగ్గా హై దగ్గరుంటే MFM +1, లో దగ్గరుంటే -1, నడిమధ్యలో ఉంటే సున్నా. మీ అంకెలు పెట్టండి. 507లోంచి 504 తీస్తే 3. 522లోంచి 507 తీస్తే 15. మూడులోంచి పదిహేను తీస్తే మైనస్ 12, దాన్ని రోజు రేంజ్ అయిన 18తో భాగిస్తే మైనస్ 0.67. అంటే 40 లక్షల్లో దాదాపు 26.7 లక్షలు అమ్మకం ఖాతాలో వేసింది. షేరు పదకొండు రూపాయలు పెరిగిన రోజున, నాలుగు నెలల రెసిస్టెన్స్ దాటిన రోజున, ఏడీ లైన్ దాన్ని పెద్ద అమ్మకాల రోజుగా రాసుకుంది. నిన్న ఉదయం 496కి, 514కి మధ్య జరిగినదంతా దాని చూపుకు అందలేదు. రాత్రికి రాత్రి కొనేవాళ్లు 18 రూపాయలు ఎక్కువిచ్చి తీసుకోవడానికి సిద్ధపడ్డారన్న సంగతి ఆ సూత్రంలో ఎక్కడా లేదు.

కాబట్టి ఇలాంటి రోజున మూడో లెక్క ఒకటి వేయాలి, ఎక్సెల్‌లో రెండు నిమిషాల పని. లో స్థానంలో ఈరోజు లో, నిన్నటి క్లోజ్ రెండింట్లో ఏది తక్కువైతే అది వేయండి. అలాగే హై స్థానంలో ఈరోజు హై, నిన్నటి క్లోజ్ రెండింట్లో ఏది ఎక్కువైతే అది. లారీ విలియమ్స్ తన అక్యుములేషన్ లెక్కలో నిన్నటి క్లోజ్‌ను ఇలాగే రేంజ్‌లో కలుపుకున్నారు. ఆ పద్ధతిని ఇక్కడ వాడుకుంటే గ్యాప్ కూడా లెక్కలోకి వస్తుంది.

```
TL = min(L, C_prev)
TH = max(H, C_prev)
```

మీ షేరుకు లో ఇప్పుడు 504 కాదు, 496. హై 522 అలాగే ఉంటుంది. 507లోంచి 496 తీస్తే 11, పైన మిగిలింది 15, తేడా మైనస్ 4. రేంజ్ 26. ఫలితం మైనస్ 0.15, అంటే సుమారు 6 లక్షల షేర్లు మాత్రమే అమ్మకం వైపు. మైనస్ 26.7 లక్షలు మైనస్ 6 లక్షలైపోయింది. అంటే ఏడీ లైన్ చూపించిన పతనంలో చాలా భాగం గ్యాప్ వల్ల పుట్టినదే, అమ్మకాల వల్ల కాదు. అయితే మిగిలిన ఆ చిన్న మైనస్ నిజమైనదే. ఉదయం 510 పైన కొన్నవాళ్లందరూ సాయంత్రానికి నష్టంలో ఉన్నారు, 522 దగ్గర గట్టిగా అమ్మినవాళ్లు ఉన్నారు. నిన్నటి రోజు గురించి న్యాయంగా చెప్పగలిగేది ఇంతే: కొనేవాళ్లు వచ్చారు, వాళ్లకు ఎదురుగా అమ్మేవాళ్లూ వచ్చారు, తీర్పు ఇంకా రాలేదు.

గ్యాప్ లేకుండా వచ్చిన బ్రేకౌట్ అయితే నా మాట వేరేగా ఉండేది. ఉదాహరణకు మొన్న 498 దగ్గర ముగిసి, నిన్న 499 దగ్గర మొదలై, 515 దాకా వెళ్లి, 497 తాకి, 501 దగ్గర ఆగిందనుకోండి. ఓబీవీ అప్పుడూ మొత్తం వాల్యూమ్ కలుపుతుంది. ఏడీ లెక్క మైనస్ 0.56 ఇస్తుంది. నిన్నటి క్లోజ్ కలిపి చూసినా అది మారదు, ఎందుకంటే 498 రోజు రేంజ్ లోపలే ఉంది. అక్కడ ఏడీ లైన్ చెప్పిందే నిజం. 500 పైన కొన్నవాళ్ల చేతుల్లో పెట్టి ఎవరో రోజంతా దించుకున్నారు, పైన ఆ పొడవాటి విక్ అదే చెబుతుంది. అలాంటి రోజున ఓబీవీ కొత్త గరిష్ఠం చూపిస్తున్నా నేను దగ్గరికి పోను. గ్యాప్ లేని రోజుకు ఏడీ లైన్ మెరుగు, గ్యాప్ ఉన్న రోజుకు దాన్ని సరిచేయకుండా చూడకూడదు.

ఇక రేపటి నుంచి ఏం చూడాలో చెబుతాను, మీకు అసలు పనికొచ్చేది ఇక్కడే ఉంది. షేరు తిరిగి 500 దగ్గరికి వచ్చినప్పుడు ఎవరు ముందుకొస్తారు అన్నదే చూడాలి. ఇక్కడ ఓబీవీ మిమ్మల్ని కంగారు పెట్టే అవకాశం ఉంది. రేపు షేరు 508 దాకా వెళ్లి, 499 దాకా దిగి, 506.50 దగ్గర ముగిసిందనుకోండి, వాల్యూమ్ 22 లక్షలు. క్లోజ్ నిన్నటికంటే అర్ధరూపాయి తక్కువ. ఆ అర్ధరూపాయి కోసం ఓబీవీ 22 లక్షలూ తీసేస్తుంది, చార్టులో గీత చప్పున కిందికి దిగుతుంది. కానీ రోజు లోపల చూడండి. 500 కిందికి ఒక్క రూపాయి జారిన షేరును ఎవరో ఎత్తి 506.50 దాకా తీసుకొచ్చారు. 7.5లోంచి 1.5 తీసి 9తో భాగిస్తే ప్లస్ 0.67, అంటే ఏడీ లైన్‌కు 14.7 లక్షలు కలుస్తాయి. ఈ రోజుకు ఏడీ లైన్‌దే సరైన మాట, ఎందుకంటే పాత రెసిస్టెన్స్ ఇప్పుడు సపోర్ట్‌గా నిలబడిందా లేదా అన్నది రేంజ్ లోపలే తెలుస్తుంది, రెండు క్లోజ్‌ల మధ్య తేడాలో తెలియదు. నాకైతే బ్రేకౌట్ రోజుకంటే ఇలాంటి రోజే ఎక్కువ నమ్మకం ఇస్తుంది.

దీనికి పూర్తి విరుద్ధంగా 509 నుంచి 494 దాకా పడి 495 దగ్గర ముగిసి, వాల్యూమ్ 30 లక్షలుంటే ఇక వాదన లేదు. ఓబీవీ 30 లక్షలు, ఏడీ లైన్ 26 లక్షలు దింపుతాయి, ధర కూడా 500 కిందే ఉంటుంది. మూడూ ఒకే మాట చెప్పాక బ్రేకౌట్ పోయినట్టే. నిన్నటి 40 లక్షల్లో పైన కొన్నవాళ్లంతా ఆ తర్వాత ప్రతి పెరుగుదలలోనూ అమ్మడానికి చూస్తారు.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. ఓబీవీని ఇంతగా తగ్గించి మాట్లాడాను కాబట్టి అది ఎక్కడ పనికొస్తుందో కూడా చెప్పాలి. వాల్యూమ్ ముందు, ధర తర్వాత అన్నది గ్రాన్‌విల్ వాదన. దాన్ని పరీక్షించాల్సింది బ్రేకౌట్ రోజున కాదు, దానికి ముందున్న నాలుగు నెలల్లో. మీ చార్టులో షేరు 500ను తాకిన మూడు రోజుల దగ్గరా నిలువు గీతలు గీయండి. ఆ మూడుచోట్లా ఓబీవీ ఎక్కడుందో చూడండి. ధర ప్రతిసారీ అదే 500 దగ్గర ఆగినా, ఓబీవీ రెండోసారి మొదటిసారికంటే ఎత్తులో, మూడోసారి ఇంకా ఎత్తులో ఉంటే, మధ్యలో పెరిగిన రోజుల్లో వాల్యూమ్ ఎక్కువ, తగ్గిన రోజుల్లో తక్కువ ఉందన్నమాట. షేరు సేకరణ జరిగిందనడానికి అది మంచి గుర్తు. ఇన్ని రోజుల కూడిక కాబట్టి ఒక్కరోజు తప్పు దాన్ని పెద్దగా చెడగొట్టదు. ఓబీవీ అంకె మూడు కోట్లుందా, మైనస్‌లో ఉందా అన్నది మాత్రం అసలు పట్టించుకోకండి. ఆ అంకె చార్టు ఏ రోజు నుంచి మొదలైందన్న దాన్నిబట్టి మారుతుంది. చూడాల్సింది దాని సొంత గరిష్ఠాలు, కనిష్ఠాలే.

ఒక్కరోజు తప్పు పెద్దగా చెడగొట్టదన్నాను గానీ, ఒక్కరోజు *వాల్యూమ్* చెడగొడుతుంది. నాలుగు నెలల్లో ఏదో ఒకరోజు 90 లక్షల షేర్లు చేతులు మారి, ఆ రోజు షేరు ముప్పావలా పెరిగి ఉంటే, ఓబీవీలో ఒక పెద్ద మెట్టు పడుతుంది. ఆ తర్వాత గీత ఎప్పుడూ ఆ మెట్టు పైనే ఉంటుంది, చూసేవాళ్లకు సేకరణలా కనిపిస్తుంది. అలాంటి రోజు కనిపిస్తే ఆనాటి బల్క్ డీల్స్ జాబితా తీయండి. కంపెనీ షేర్లలో 0.5 శాతానికి మించి ఒకే క్లయింటు కొన్నా అమ్మినా ఎక్స్ఛేంజీ అదే రోజు పేరుతో సహా బయటపెడుతుంది. ఒక ఫండు అమ్మగా ఇంకో ఫండు కొన్నదైతే ఆ వాల్యూమ్ నుంచి దిశ వెతకడం దండగ. ఇండెక్స్‌లో చేర్పులు, తీసివేతలు అమలయ్యే రోజు కూడా ఇలాంటిదే. ఇండెక్స్ ఫండ్లు ఆ రోజు కొని తీరాలి కాబట్టి కొంటాయి, అది షేరు మీద ఎవరి నమ్మకాన్నీ చెప్పదు. ఆ ఒక్క రోజు వాల్యూమ్ స్థానంలో సగటు 10 లక్షలు వేసి ఓబీవీని మళ్లీ గీయండి. అప్పటికీ మూడుచోట్లా ఎత్తు పెరుగుతూ ఉంటే అది సిసలైన గుర్తు. గీత చదునైపోతే మీరు చూసిందంతా ఆ ఒక్క రోజే.

మీరు బాధపడుతున్న డెలివరీ సంగతికి వస్తాను. 50 నుంచి 30కి పడిందని చూశారు, కానీ శాతం చూడకూడదండీ, షేర్ల సంఖ్య చూడాలి. మామూలు రోజున 10 లక్షల్లో 50 శాతం, అంటే 5 లక్షల షేర్లు డెలివరీకి పోతున్నాయి. నిన్న 40 లక్షల్లో 30 శాతం అంటే 12 లక్షలు. డెలివరీ తగ్గలేదు, రెండు రెట్లు దాటి పెరిగింది. బ్రేకౌట్ రోజున ఇంట్రాడే వాళ్లు గుంపుగా వచ్చిపడతారు, వాళ్లు పొద్దున కొని మధ్యాహ్నం అమ్మేయడంతో మొత్తం వాల్యూమ్ ఉబ్బిపోతుంది, శాతం తప్పనిసరిగా పడుతుంది. నిన్నటి 40 లక్షల్లో 28 లక్షలు అలా వచ్చి అలా పోయినవే. ఓబీవీకీ ఏడీ లైన్‌కూ ఆ 28 లక్షలకూ ఈ 12 లక్షలకూ తేడా తెలియదు. మీరడిగిన "నిజంగా కొనేవాళ్లు వచ్చారా" అన్న ప్రశ్నకు మన మార్కెట్లో అందరికంటే దగ్గరగా జవాబిచ్చేది ఈ డెలివరీ అంకే. ఎన్‌ఎస్‌ఈ రోజూ సాయంత్రం పెట్టే `sec_bhavdata_full` ఫైల్‌లో `DELIV_QTY` అనే కాలమ్‌లో ఉంటుంది. మొత్తం వాల్యూమ్‌కు బదులు ఈ కాలమ్ వేసి ఓబీవీ గీసి చూడండి, చాలా షేర్లలో గీత ఆకారమే మారిపోతుంది.

దీనికీ ఒక హద్దుంది. డెలివరీ తీసుకున్నవాడు ఉన్నాడంటే డెలివరీ ఇచ్చినవాడూ ఉన్నాడు. 12 లక్షలూ ఎన్నాళ్లుగానో పట్టుకున్న ఒక పెద్ద వాటాదారు వదిలించుకుని ఉండొచ్చు. అందుకే నిన్నటి బల్క్ డీల్స్ జాబితాలో అమ్మకం వైపు పేర్లు తప్పక చూడండి. అక్కడ పెద్ద పేరు ఏదీ లేకపోతే, ధర కూడా 500 పైన నిలిస్తే, ఆ 12 లక్షలు పంచుకున్నది చాలామంది అని అనుకోవచ్చు.

అదే ఫైల్‌లో ఇంకో రెండు కాలమ్‌లు పక్కపక్కనే ఉంటాయి, `LAST_PRICE`, `CLOSE_PRICE`. ఎన్‌ఎస్‌ఈలో చాలా ఏళ్లుగా ఉన్న పద్ధతి ప్రకారం క్లోజ్ అంటే చివరి ట్రేడ్ ధర కాదు, చివరి అరగంటలో జరిగిన ట్రేడ్లన్నిటి వాల్యూమ్ సగటు ధర. ఓబీవీకి ఈ తేడాతో చాలాసార్లు పని పడదు, కానీ ఏడీ లైన్ మొత్తం క్లోజ్ ఎక్కడుందన్న దాని మీదే నిలబడి ఉంది. మీ 507 ఆ సగటే అయి, చివరి ట్రేడ్ 505 దగ్గర జరిగి ఉంటే, MFM మైనస్ 0.67 కాస్తా మైనస్ 0.89 అవుతుంది. చివరి పావుగంటలో షేరు జారిపోయిందన్న సంగతి సగటులో కొంత దాగిపోతుంది. మీ బ్రోకర్ యాప్‌లో ఒక ఏడీ విలువ, ఇంకో సాఫ్ట్‌వేర్‌లో వేరే విలువ కనబడితే ముందు ఈ రెండు కాలమ్‌ల్లో ఎవరు ఏది వాడుతున్నారో చూడండి.

మీ షేరుకు వర్తించదు గానీ, చిన్న కంపెనీల షేర్లు కూడా చూస్తుంటారేమో అని ఒక మాట. ఉదయం నుంచి అప్పర్ సర్క్యూట్‌లో ఇరుక్కుపోయిన రోజున హై, లో, క్లోజ్ మూడూ ఒకటే. ఏడీ సూత్రంలో భాగించాల్సిన అంకె సున్నా అయిపోతుంది, సాఫ్ట్‌వేర్లు సాధారణంగా ఆ రోజుకు సున్నా వేసి వదిలేస్తాయి. ఓబీవీ మాత్రం జరిగిన కొద్దిపాటి వాల్యూమ్ అంతా కలుపుతుంది. కొనేవాళ్లు క్యూలో ఉండి అమ్మేవాళ్లు లేని రోజది, జరగని ట్రేడ్లే అక్కడ అసలు కథ. సర్క్యూట్ తెరుచుకుని మామూలుగా ట్రేడయ్యే మొదటి రోజు వచ్చేదాకా అలాంటి షేరులో ఈ రెండు గీతల్నీ పక్కన పెట్టేయండి.

మీ షేరులో నేనైతే ఈరోజు 507 దగ్గర కొనను. 500 దగ్గరికి వెనక్కి రానిస్తాను. అక్కడికి వచ్చిన రోజున క్లోజ్ రేంజ్‌లో పై సగంలో ఉండి, డెలివరీ షేర్లు 5 లక్షలకు తగ్గకుండా ఉంటే సగం పరిమాణంతో మొదలుపెడతాను, ఆ రోజు లో కింద స్టాప్ లాస్ పెట్టి. అసలు వెనక్కి రాకుండా నేరుగా 522 పైన ముగిస్తే, నిన్న పైన అమ్మినవాళ్ల సరుకు తీరిపోయినట్టే కాబట్టి అప్పుడు కొంటాను. ఈ రెండూ జరగకుండా 500కీ 496కీ మధ్య క్లోజ్ వస్తే ఇంకో రోజు చూస్తాను, 496 కింద ముగిస్తే నా జాబితాలోంచి తీసేస్తాను.